ఫొటోలో లేని గీత

ఫొటోను పెన్సిల్ బొమ్మగా మార్చే మీట ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. నొక్కిన మరుక్షణం బామ్మ ముఖం గీతల్లో ప్రత్యక్షమవుతుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి, చెక్క మీదకు దించుకుని, కాల్చడం మొదలుపెట్టాక అసలు చిక్కు బయటపడుతుంది. ముక్కుకు ఒక పక్కే ఉంటుంది. గడ్డం కింద ఎక్కడిదో తెలియని నల్లటి మరక ఉంటుంది. చీర నేత అంతా చుక్కలుగా విడిపోయి ఉంటుంది. తెల్లజుట్టు వెనక గోడలో కలిసిపోయి, తల ఎక్కడ ముగిసిందో తెలియదు. చేతిలో వేడి పెన్ను పట్టుకుని ఏ గీత మీద నడవాలో తోచదు.

తప్పు ఆ మీటది కాదు. ఫొటోలో గీతలు లేవు. అందులో ఉన్నదల్లా ఎక్కడ ఎంత వెలుగు పడిందన్న లెక్క. పక్కపక్కన ఉన్న రెండు చోట్ల వెలుగులో పెద్ద తేడా కనిపిస్తే యంత్రం అక్కడ ఓ గీత పెడుతుంది. ఆ తేడాకు కారణాలు చాలా ఉంటాయి. చెంప అక్కడితో అయిపోయి వెనక గోడ మొదలవడం ఒక కారణం. ముక్కు నీడ చెంప మీద పడడం ఇంకొకటి. చీర అంచు రంగు మారడం మరొకటి. మన కంటికి ఈ మూడూ వేరువేరని తెలుసు. యంత్రానికి మూడూ ఒకటే. అందుకే నీడ అంచును గట్టిగా గీస్తుంది, వెలుగు పడిన వైపు ముక్కు అంచును పూర్తిగా వదిలేస్తుంది. ఫొటో నుంచి స్టెన్సిల్ తయారుచేయడమంటే ఈ గీతల్లో ఏది మనిషిది, ఏది వెలుగుది అని తేల్చుకోవడమే. ఆ పని కొంత కంప్యూటర్‌తో, ఎక్కువ భాగం చేత్తో జరుగుతుంది.

ఒక ఫొటో ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. బామ్మ కిటికీ పక్కన కూర్చుంది. వెలుగు ఎడమ నుంచి పడుతోంది. కళ్లజోడు, ముక్కుపుడక, నుదుట పెద్ద బొట్టు, వెనక్కి దువ్వి ముడేసిన తెల్లజుట్టు. ఈ పనికి ఇలాంటి ఫొటోయే కావాలి. పక్క నుంచి వచ్చే వెలుగు ముఖంలోని మిట్టపల్లాలను చూపిస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలో ముఖమంతా ఒకే తెలుపు. అందులో గీతకు ఆధారమే దొరకదు. గోడకు వేలాడే పాత స్టూడియో ఫొటోయే మిగిలి ఉంటే, అద్దం నుంచి బయటకు తీసి, ఆరుబయట నీడపట్టున పెట్టి, ఫోన్‌ను దానికి సరిగ్గా సమాంతరంగా పట్టుకుని మళ్లీ తీయాలి. ఫోన్ కాస్త వంగినా గడ్డం సాగిపోతుంది, నుదురు కుదించుకుపోతుంది.

ఫొటో ఎంచుకున్నాక చాలామంది నేరుగా కంప్యూటర్ దగ్గరికి వెళతారు. అంతకన్నా ముందు ఒక కొలత తేల్చుకోవాలి. ముఖం చెక్క మీద గానీ బట్ట మీద గానీ ఎంత పెద్దగా రావాలి? నడినెత్తి నుంచి గడ్డం దాకా 12 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు ముఖం వెడల్పు సుమారు ఎనిమిదిన్నర వస్తుంది. ముఖం వెడల్పులో కన్ను దాదాపు ఐదో వంతు ఉంటుంది కాబట్టి ఒక్కో కన్నుకు దక్కేది ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. రెప్పల మధ్య తెరిచిన జాగా ఐదారు మిల్లీమీటర్లు. చెక్క కాల్చే పెన్ను గీత ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. గీతల మధ్య కనీసం అంతే ఖాళీ ఉండాలి, లేకపోతే రెండూ కలిసి నల్లటి ముద్ద అవుతుంది. అంటే ఆ కంటిలో పై రెప్ప, నల్లగుడ్డు, కింద రెప్ప తప్ప మరేవీ పట్టవు. పై రెప్ప మీది మడత, వెంట్రుకలు, కంటి కింద ముడతలు అన్నీ వేయాలనుకుంటే ముఖాన్ని పెద్దది చేసుకోవాలి, లేదా వాటిని వదులుకోవాలి. ఈ లెక్క ముందే వేసుకున్నవాళ్లకు తర్వాత ఏ గీత తుడవాలో తెలుస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ పని. ఉచితంగా దొరికే జింప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఫొటో తెరిచి, Colors మెనూలో Desaturate ద్వారా రంగు తీసేయాలి. Layer మెనూలో Duplicate Layer నొక్కితే అదే ఫొటో ఇంకో పొరగా పైన చేరుతుంది. ఆ పై పొరను Colors మెనూలోని Invert తో తిరగేస్తే నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారుతుంది. ఆ పొర మోడ్‌ను Dodge గా మార్చగానే తెర దాదాపు తెల్లబడిపోతుంది. కంగారు పడనక్కర్లేదు. పై పొర మీదే ఉండి Filters మెనూలో Blur కింద ఉన్న Gaussian Blur తెరిచి, అంకెను మెల్లగా పెంచుతూ పోతే తెల్లటి తెర మీద గీతలు తేలుతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఆ అంకెను ఎంత పెట్టాలో ఎవరినీ అడగనక్కర్లేదు. మసకబారిన పొరలో ప్రతి చోటా ఉన్నది ఆ చుట్టుపక్కల వెలుగు సగటు. రెండు పొరలూ కలిసినప్పుడు ప్రతి బిందువూ తన చుట్టుపక్కల సగటుతో పోల్చబడుతుంది. చుట్టూ ఉన్నవాటికంటే నల్లగా ఉన్న బిందువు మాత్రమే నల్లగా మిగులుతుంది. నున్నటి చెంప మీద అంతా ఒకేలా ఉంటుంది కాబట్టి అక్కడ తెలుపే. మసక తక్కువగా పెడితే చుట్టుపక్కల అంటే బాగా దగ్గరి బిందువులే కాబట్టి సన్నటి గీతలు, చర్మం గరుకు, నేత దారాలు వస్తాయి. ఎక్కువ పెడితే ముతక గీతలు, పెద్ద ఆకారాలు వస్తాయి. మన బామ్మకు రెండు రకాలుగానూ చేసి రెండు ప్రింట్లు తీసుకోవడం మేలు. కళ్లకు, పెదవులకు సన్నగీతల ప్రింటు పనికొస్తుంది. జుట్టుకు, భుజానికి, పమిటకు ముతకది చాలు. ప్రింటు తీసే ముందు పొరలు రెండింటినీ Layer మెనూలోని Merge Down తో కలిపి, Colors మెనూలో Threshold తెరిస్తే బూడిదరంగంతా పోయి నలుపు తెలుపు మాత్రమే మిగులుతాయి. అక్కడి మీటను కుడివైపు జరిపితే గీతలు పెరుగుతాయి, ఎడమకు జరిపితే తగ్గుతాయి.

ఈ ప్రింటు స్టెన్సిల్ కాదు. స్టెన్సిల్ గీయడానికి కింద పెట్టుకునే ఆధారం మాత్రమే. అసలు ఫొటోను కూడా అదే కొలతలో ప్రింటు తీసి పక్కన పెట్టుకోవాలి. గీతల ప్రింటు మీద బటర్ పేపరు పరిచి నాలుగు మూలలా టేపు అంటించి, ఫొటోను చూస్తూ, ఒక్కో గీతనూ ప్రశ్నిస్తూ గీయాలి. కళ్లు ఫొటో మీద ఉండాలి, చెయ్యి కాగితం మీద నడవాలి.

ముందు ఆకారపు చుట్టుగీత. తెల్లజుట్టు గోడలో కలిసిపోయిన చోట ప్రింటులో ఏమీ ఉండదు. ఫొటోలో కళ్లు చికిలించి చూస్తే జుట్టు ఎక్కడ ముగిసిందో అంచనా దొరుకుతుంది. అక్కడ మనమే గీత వేయాలి. దానికి విరుగుడుగా వెలుగు పడిన ఎడమ దవడ గీతను సగంలో ఆపేయవచ్చు. చూసేవారి కన్ను మిగతా సగాన్ని తనే పూర్తి చేసుకుంటుంది. ముఖం చుట్టూ ఒకే మందంలో గీత మూసేస్తే బామ్మ కాస్తా కత్తిరించి అంటించిన బొమ్మలా తయారవుతుంది.

ముక్కుకు రెండు పక్కలా నిలువు గీతలు వేయడం అందరూ చేసే పొరపాటు. ముక్కు దూలానికి నిజానికి అంచు లేదు. ఉన్నది ఒకవైపు నీడ. ముక్కుపుటాలు, ముక్కు కొన కింద చిన్న నీడ, పుడక ఇవి వేస్తే ముక్కు వచ్చేసినట్టే. పెదవులకూ ఇదే సూత్రం. రెండు పెదవులూ కలిసేచోట ఉన్న గీత ముఖ్యం. పెదవుల బయటి అంచు చుట్టూ గీస్తే లిప్‌స్టిక్ వేసినట్టవుతుంది. నవ్వుతూ పళ్లు కనిపిస్తుంటే పన్నుకూ పన్నుకూ మధ్య గీత పెట్టకూడదు, పళ్లన్నిటినీ ఒకే తెల్లటి ఖాళీగా వదిలేయాలి.

ముడతల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. బామ్మను బామ్మగా చూపించేవి అవే, ఆమెను కోపిష్టిగా మార్చేసేవీ అవే. ముక్కు పక్క నుంచి నోటి మూలదాకా దిగే మడతను పూర్తిగా, ఒకే మందంలో గీస్తే ముఖం ముభావంగా మారుతుంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి, మూడో వంతు దూరం పోయాక సన్నబరిచి వదిలేస్తే చాలు. నుదుటి మీద ఐదు ముడతలుంటే అన్నిటికన్నా లోతైన రెండు తీసుకోవాలి, వాటినీ బొట్టు దగ్గర తెంచాలి. కంటి మూల నుంచి విచ్చుకునే నవ్వు గీతలను మాత్రం వదలొద్దు. ఎదుటివాళ్లు మనిషిని గుర్తుపట్టేది చాలావరకు అక్కడే.

గీయడం అయ్యాక కాగితాన్ని తలకిందులుగా పెట్టి చూడాలి, తర్వాత వెనక్కి తిప్పి చూడాలి. అలవాటుపడిన కంటికి కనిపించని వంకరలు అప్పుడు బయటపడతాయి. ఫోన్‌లో ఫొటో తీసి బొటనవేలి గోరంత చేసి చూడడం ఇంకో పరీక్ష. అంత చిన్నగా ఉన్నా మనిషి గుర్తుపట్టేలా ఉంటే గీతలు సరిపోయాయి. ముద్దగా కనిపించిన చోటే చెక్క మీద కూడా ముద్దవుతుంది.

ఇక్కడ నుంచి చెక్క దారి వేరు, బట్ట దారి వేరు.

చెక్కకు గీతలు ఇలాగే ఉంటే చాలు. పలకను సన్నటి ఉప్పు కాగితంతో, 220 నంబరు దాకా, చార వెంబడి రుద్ది దుమ్ము తుడవాలి. బొమ్మను దించడానికి ఆఫీసుల్లో వాడే నీలి కార్బన్ పేపరు వద్దు. దాని మైనపు మరక చెరపడానికి రాదు, వేడి తగిలితే ఇంకా లోపలికి ఇంకుతుంది. బటర్ పేపరు వెనక వైపు మెత్తటి 6బి పెన్సిల్ అడ్డంగా పూసి, పలక మీద పెట్టి, బాల్‌పెన్నుతో గీతల మీద నొక్కుతూ పోతే బూడిదరంగు అచ్చు దిగుతుంది. కాల్చాక మిగిలినదాన్ని రబ్బరుతో తుడిచేయవచ్చు.

చెక్క లేతరంగులో, చార దగ్గరగా ఉన్నదై ఉండాలి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర లేతగా, నున్నగా ఉంటుంది గానీ వెడల్పు పలకలు దొరకడం అరుదు. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చాలా మెత్తన, పెన్ను ఒక్క క్షణం ఆగినా దిగబడుతుంది, కాబట్టి వేడి బాగా తగ్గించుకోవాలి. పైన్ చెక్కలో మెత్తటి చార, గట్టి చార ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పెన్ను మెత్తటి దాంట్లో లోతుగా దిగి, గట్టిదాని మీద ఎగిరిపడుతుంది. కనురెప్ప లాంటి సన్నటి గీత అక్కడ తెగిపోతుంది. టేకు మీద గీత కనిపిస్తుంది గానీ చెక్క రంగే ముదురు కావడంతో ముఖం తేలదు. ఎండీఎఫ్, ప్లైవుడ్, రంగు వేసిన చెక్క జోలికి మాత్రం పోకూడదు. వాటిలోని జిగురు, రంగు కాలి వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు. మామూలు చెక్కయినా కిటికీ తెరిచి, పొగ బయటికి పోయేలా ఫ్యాను పెట్టుకుని కాల్చాలి.

కాల్చేటప్పుడు గీత మొదట్లో నల్లటి చుక్క పడడం కొత్తవాళ్లందరికీ ఎదురయ్యేదే. పెన్ను చెక్కను తాకేటప్పుడు చెయ్యి నిలిచి ఉంటే అక్కడ ఎక్కువ కాలుతుంది. చెయ్యి కదులుతుండగానే తాకాలి, కదులుతుండగానే లేవాలి. ఇది తెలిస్తే స్టెన్సిల్ గీసేటప్పుడే ఒక జాగ్రత్త పడవచ్చు. ప్రతి గీతా ముదురుగా ఉండాల్సిన చోట మొదలై, లేతగా ఉండాల్సిన చోట ముగిసేలా గీయాలి. పై రెప్ప ముక్కువైపు మూలలో మొదలవుతుంది, ముడత ముక్కుపుటం దగ్గర మొదలవుతుంది. అప్పుడు చుక్క పడినా అది నీడగానే చెల్లిపోతుంది.

బట్టకు వచ్చేసరికి కథ మారుతుంది. కుంచెతోనే గీతలు వేయగలిగినవాళ్లకు మగ్గం పనివాళ్ల పద్ధతి ఉంది. ట్రేసింగ్ కాగితం మీద గీతల వెంబడి సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందునో, ముదురు బట్టకైతే తెల్లటి జింక్ పొడినో గుడ్డతో రుద్దుతారు. చుక్కల వరుస బట్ట మీద దిగుతుంది. ఒకే కాగితంతో ఎన్ని బట్టల మీదైనా దించుకోవచ్చు. కిరోసిన్ పూర్తిగా ఆరిపోయాకే రంగు ముట్టుకోవాలి, అది ఆరేదాకా పొయ్యికీ ఇస్త్రీపెట్టెకూ దూరంగా ఉంచాలి.

కుంచె మీద పట్టు లేనివాళ్లకు, ఒకే బొమ్మ పది సంచుల మీద వేయాలనుకునేవాళ్లకు కోసిన స్టెన్సిల్ కావాలి. గీతలన్నీ కోసి తీసేసిన చోటు నుంచి రంగు దిగుతుంది. చిక్కు ఎక్కడంటే, బామ్మ కళ్లజోడు చుట్టూ గుండ్రటి గీతను పూర్తిగా కోశారనుకోండి, ఆ గుండ్రం లోపలి షీటు కంటితో సహా ఊడి చేతిలోకి వస్తుంది. చుట్టూ కోత పడి నడుమ మిగిలిన ఇలాంటి ముక్కలను లంకలు అనుకుందాం. ప్రతి లంకకూ ఒడ్డుతో కలిపే వంతెన ఉండాలి. ముంగిట ముగ్గు వేసే చిల్లుల పళ్లేల్లో గీతలన్నీ విడివిడి చుక్కలుగా ఉండేది ఇందుకే. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో కూడా నగలు చిన్న చిన్న రంధ్రాల వరుసలుగానే ఉంటాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య తోలు మిగలబట్టే బొమ్మ నిలుస్తుంది.

వంతెన వెడల్పు రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, తగ్గితే నాలుగైదు బట్టలకే తెగుతుంది. ఎక్కడ వేయాలన్నదే తెలివి. వెలుగు పడిన చోట వేస్తే అది వెలుగులాగే కనిపిస్తుంది. బామ్మకు వెలుగు ఎడమ నుంచి కాబట్టి కళ్లజోడు ఫ్రేములో ఎడమ పైమూలన ఒకటి, దానికి ఎదురుగా కింద ఒకటి తెంచితే ఫ్రేము మెరిసినట్టుంటుంది. నల్లగుడ్డులోని తెల్లటి మెరుపుచుక్క కూడా లంకే. దాన్ని నల్లగుడ్డు మధ్యలో కాకుండా పక్కకు జరిపి కంటి తెల్లభాగంతో కలిపేయాలి. అప్పుడు మెరుపూ ఉంటుంది, ముక్కా ఊడదు. బొట్టు మొత్తం కోత కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ముక్కుపుడక ఒక్క చుక్క.

ఏ లంకా మిగల్లేదని కళ్లతో వెతికి తేల్చుకోవడం కష్టం. జింప్ ఈ పనిని బాగా చేస్తుంది. బటర్ పేపరు మీది బొమ్మను, కోయాల్సిన చోట్లన్నీ నల్ల స్కెచ్ పెన్నుతో నింపి, ఫొటో తీసి Threshold చేయాలి. Bucket Fill పనిముట్టు తీసుకుని, దాని ఆప్షన్లలో Fill similar colors ఎంచుకుని, ఎరుపు రంగుతో బొమ్మ బయట తెల్లటి చోట ఒక్కసారి నొక్కాలి. ఒడ్డుతో కలిసి ఉన్న తెలుపంతా ఎర్రబడుతుంది. ఇంకా తెల్లగా మిగిలినదేదైనా ఉంటే అదే లంక. దానికి వంతెన వేసి మళ్లీ నొక్కి చూడాలి. తెలుపు ఎక్కడా మిగలనప్పుడు స్టెన్సిల్ కోతకు సిద్ధమైనట్టు. చిన్న తెలుపుచుక్కలు కళ్లకు ఆనవు కాబట్టి కళ్లు, నోరు ఉన్న చోట్ల జూమ్ చేసి చూడడం మరిచిపోవద్దు.

షీటుగా ఓహెచ్‌పీ షీటు సరిపోతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము ఇంకా దళసరి, చాలాసార్లు వాడుకోవచ్చు. బొమ్మను కింద అంటించి, పెన్నులాంటి కట్టరుతో కోయాలి. చిన్న ముక్కలు ముందు. కళ్లు, ముక్కుపుడక, పెదవుల గీత అయ్యాకే జుట్టు, చివరికి పమిట. పెద్ద ముక్కలు ముందే తీసేస్తే షీటు బలం పోయి, కంటి దగ్గరికి వచ్చేసరికి వణుకుతుంది. వంపు తిరిగేటప్పుడు కత్తిని తిప్పకుండా షీటునే తిప్పితే అంచు నున్నగా వస్తుంది.

కొత్త బట్టను ముందుగా ఉతికి గంజి వదిలించాలి. గంజి ఉన్న నూలు మీద రంగు పైపైనే ఆరి, మొదటి ఉతుకుకే పెచ్చులు లేస్తుంది. బట్ట కింద అట్ట పెట్టి, స్టెన్సిల్‌ను టేపుతో బిగించి, పొట్టి వెంట్రుకల గుండ్రటి కుంచెకు కొద్దిగా రంగు అంటించి, దాన్ని పాతగుడ్డ మీద అద్ది దాదాపు పొడిగా అయ్యాక, నిలువుగా పొడుస్తూ వేయాలి. పక్కకు లాగితే రంగు అంచు కిందికి దూరి గీత బూజు పట్టినట్టు అవుతుంది. అలా జరిగిందో లేదో పనయ్యాక కాక, మొదటి ముక్క వేసినప్పుడే ఒక మూల కొద్దిగా ఎత్తి చూసుకోవాలి. అంచు తడిగా మెరుస్తుంటే రంగు ఎక్కువైనట్టు. ఆరాక బట్టను వెనక్కి తిప్పి ఆవిరి లేకుండా ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది. మొదటి ఉతుకు ఎన్ని రోజులకన్నది రంగుసీసా మీదే రాసి ఉంటుంది.

ఈ పద్ధతికి లొంగని ముఖాలూ ఉన్నాయి. పసిపిల్లల ముఖంలో గీతలుండవు. చెంప, నుదురు, గడ్డం అంతా మెత్తటి వెలుగే. గీసే ప్రతి గీతా పిల్లకు పదేళ్లు కలుపుతుంది. అలాంటప్పుడు పక్క నుంచి తీసిన ఫొటో వెతుక్కుని నుదురు, ముక్కు, పెదవుల చుట్టుగీత ఒక్కటే వేయడం మంచిది. గుంపు ఫొటోలో చిన్నగా పడ్డ ముఖాన్ని పెద్దది చేసినా కళ్ల చోట రెండు నల్ల మచ్చలే వస్తాయి, అక్కడ గీసేదంతా ఊహే అవుతుంది.

బటర్ పేపరు మీది అసలు బొమ్మను పారేయకుండా కొలత రాసి దాచుకోవాలి. దిండు గలీబుకు గీసినదాన్ని గోడ పలకకు రెండింతలు చేయాలనుకున్నప్పుడు జిరాక్సులో పెంచితే సరిపోదు. కళ్ల దగ్గర, జుట్టులో ఇప్పుడు ఖాళీ ఎక్కువై ముఖం బోసిగా కనిపిస్తుంది. పెంచిన బొమ్మ మీద కొత్త బటర్ పేపరు పరిచి, ఫొటో పక్కన పెట్టుకుని, ఇంతకుముందు చోటు చాలక వదిలేసిన రెప్ప మడతను, మూడో ముడతను, చెవి పక్క పాయను తిరిగి చేర్చాలి. చిన్నది చేస్తున్నప్పుడు అదే వరుసలో వాటిని మళ్లీ తీసేయాలి.